డెలివరీ పాస్ రద్దు చేస్తే డబ్బు తిరిగి వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో షాపింగ్ యాప్ పాస్, ఫుడ్ డెలివరీ పాస్ తీసుకున్నవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అమెజాన్ ప్రైమ్, స్విగ్గీ వన్, జొమాటో గోల్డ్ ఈ కోవలోవే. తీసుకునేటప్పుడు ఒక్క బటన్‌తో పని అయిపోతుంది. వద్దనుకున్నప్పుడే సందేహాలన్నీ మొదలవుతాయి. డబ్బు విషయంలో ఎక్కువగా గందరగోళపడే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు ఇచ్చాం. యాప్‌ల షరతులు మారుతూ ఉంటాయి. రద్దు చేసే రోజున మీ పాస్ షరతులు ఒకసారి చదివి ముందుకెళ్లండి.

సంవత్సరానికి పాస్ తీసుకున్నాను. నాలుగు నెలలకే వద్దనిపించింది. మిగిలిన ఎనిమిది నెలల డబ్బు ఇస్తారా?

సాధారణంగా ఇవ్వరు. మనం కట్టిన డబ్బును పన్నెండుతో భాగించి, మిగిలిన నెలలకు లెక్కకట్టి వెనక్కి ఇచ్చే పద్ధతి చాలా పాస్‌లలో లేదు. ఆర్టీసీ నెల పాస్ తీసుకుని పది రోజులు బస్సెక్కకపోయినా ఆ పది రోజుల డబ్బు ఎలా రాదో, ఇదీ అలాగే.

కాలం ఎంత మిగిలిందన్నది కాకుండా, వాళ్లు ఇంకో విషయం చూస్తారు. చివరిసారి డబ్బు కట్ అయిన తర్వాత ఆ పాస్ ఇచ్చే సదుపాయాల్లో ఏదైనా మీరు వాడారా లేదా అన్నదే ఆ విషయం. పెద్ద షాపింగ్ పాస్‌ల షరతుల్లో ఎక్కువగా కనిపించే నియమం ఇదే. డబ్బు కట్ అయ్యాక ఏమీ వాడకుండా రద్దు చేస్తే మొత్తం వెనక్కి ఇస్తారు. వాడి ఉంటే ఇవ్వకపోవచ్చు, లేదా వాడినదాని విలువ పట్టుకుని మిగతాది ఇవ్వవచ్చు.

ఫుడ్ డెలివరీ పాస్‌లు ఇంకా కఠినంగా ఉంటాయి. ఒకసారి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వమని వాటి షరతుల్లో ముందే రాసుకుంటారు. మొత్తం తక్కువ, గడువు కూడా చాలావాటికి మూడు నెలలే కాబట్టి మనమూ పెద్దగా పట్టించుకోం. అందుకే ఫుడ్ పాస్ విషయంలో మీ శక్తినంతా రీఫండ్ మీద పెట్టకండి. వచ్చే విడత డబ్బు కట్ కాకుండా ఆపడం మీద పెట్టండి.

యాప్ ఫోన్‌లోంచి తీసేశాను. ఇక పాస్ రద్దయినట్టేనా?

కాదు. యాప్ తీసేస్తే మీ ఫోన్‌లో దాని బొమ్మ మాత్రమే పోతుంది. మీ ఖాతా, పాస్, దానికి మీరిచ్చిన ఆటోపే అనుమతి మూడూ అలాగే ఉంటాయి. గడువు తేదీ రాగానే డబ్బు కట్ అవుతుంది. పైగా యాప్ లేదు కాబట్టి గుర్తుచేసే నోటిఫికేషన్ కూడా మీ కంటపడదు.

ఖాతానే శాశ్వతంగా డిలీట్ చేసేస్తే పోతుంది కదా అని ఇంకొందరు అనుకుంటారు. అది ఇంకా ఇబ్బంది. ఖాతా పోతే పాత ఆర్డర్లు, బిల్లులు, పాస్ కొన్న రుజువు అన్నీ పోతాయి. రేపు రీఫండ్ అడగాలంటే చేతిలో ఏమీ ఉండదు. ముందు పాస్ రద్దు చేయండి, రావాల్సిన డబ్బు రానివ్వండి, ఖాతా సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

రద్దు చేయబోతే రెండు ఆప్షన్లు వచ్చాయి. ఒకటి ఇప్పుడే ముగించమని, ఇంకొకటి గడువు తేదీన ముగించమని. ఏది నొక్కాలి?

ఇక్కడ కాస్త ఆగి చదవండి, డబ్బు పోయేది ఎక్కువగా ఈ స్క్రీన్ దగ్గరే. గడువు తేదీన ముగించమంటే ఆటో రెన్యువల్ మాత్రమే ఆగుతుంది. కట్టిన డబ్బుకు చివరి రోజు వరకు పాస్ పనిచేస్తుంది, ఆ తర్వాత దానంతటదే పోతుంది. ఇప్పుడే ముగించమంటే సదుపాయాలు ఆ క్షణమే ఆగిపోతాయి.

రీఫండ్ ఎంత వస్తుందో స్క్రీన్ మీద స్పష్టంగా అంకెతో కనిపిస్తేనే ఇప్పుడే ముగించండి. ఆ అంకె కనిపించకపోతే, లేదా సున్నా అని ఉంటే, ఇప్పుడే ముగించడంలో మీకు లాభమేమీ లేదు. మిగిలిన రోజులు వదులుకున్నట్టే అవుతుంది. అప్పుడు రెన్యువల్ ఆపి, ఉన్నన్నాళ్లు వాడుకోండి.

మధ్యలో "మీరు ఇన్ని లాభాలు కోల్పోతారు" అంటూ రెండు మూడు పేజీలు వస్తాయి. పెద్ద బటన్ ఎప్పుడూ పాస్ ఉంచుకోమనే చెబుతుంది, రద్దు చేసేది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చివర్లో "మీ మెంబర్‌షిప్ ఫలానా తేదీన ముగుస్తుంది" అన్న వాక్యం కనిపించేదాకా పని పూర్తి కాలేదనే అనుకోండి. ఆ వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

సదుపాయం 'వాడినట్టు' ఎలా లెక్కిస్తారు? నేనైతే ఏమీ కొనలేదు.

మీరు కొనకపోయినా వాడినట్టు లెక్క పడే సందర్భాలు చాలా ఉన్నాయి. ఉచిత డెలివరీ ఒక్కటే సదుపాయం కాదు. షాపింగ్ పాస్‌లో సినిమాలు, పాటలు కూడా కలిసి ఉంటే, ఇంట్లో ఎవరైనా టీవీలో ఆ ఖాతాతో ఒక సినిమా పెట్టినా అది వాడకమే. సేల్ మొదలయ్యే ముందు సభ్యులకు మాత్రమే ఇచ్చే అవకాశంతో ఏదైనా కొన్నా, సభ్యుల ధరకు ఒక వస్తువు తీసుకున్నా అంతే. ఫుడ్ యాప్‌లో పాస్ వల్ల వచ్చిన అదనపు తగ్గింపు, డైనింగ్‌లో బిల్లుపై తగ్గింపు కూడా దీని కిందకే వస్తాయి.

మన ఇళ్లలో ఒకే ఖాతాను అన్న, చెల్లి, నాన్న అందరూ వాడతారు. అనంతపురంలో ఉన్న అమ్మగారి టీవీలో బెంగళూరు కొడుకు ఖాతా నడుస్తుంటుంది. రీఫండ్ అడగాలనుకున్నప్పుడు ముందుగా ఇంట్లో అందరికీ చెప్పండి, టీవీలో ఆ ఖాతాను లాగౌట్ చేయండి.

ఆర్డర్ పెట్టి, అది రాకముందే రద్దు చేసుకుంటే? ఇది షరతుల భాషను బట్టి మారుతుంది. డెలివరీ జరగలేదు కాబట్టి సదుపాయం అందలేదని మీరు వాదించవచ్చు. అది న్యాయమైన వాదనే. కానీ సిస్టమ్ దాన్ని వాడకంగా చూపించే అవకాశం ఉంది. అప్పుడు చాట్‌లో ఆ ఆర్డర్ నంబర్ ఇచ్చి, రద్దయిన సంగతి రాతపూర్వకంగా చెప్పండి.

ఒక ఉదాహరణతో చెప్పండి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ తీసుకున్న పాస్‌లు, అనంతపురం వచ్చేశాక ఏం చేయాలి?

మన వైపు ఎక్కువమందికి వచ్చే పరిస్థితి ఇదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. ఇందులోని ధరలు లెక్క కోసం తీసుకున్నవి.

ఒకమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మార్చి 10న 999 రూపాయలకు ఏడాది షాపింగ్ పాస్ తీసుకుంది. మే 2న 199 రూపాయలకు మూడు నెలల ఫుడ్ పాస్ తీసుకుంది. రెండింటికీ యూపీఐ ఆటోపే పెట్టింది. మే 20న ఇంటినుంచే పని చేయమన్నారు, అనంతపురం రామ్‌నగర్‌లోని ఇంటికి వచ్చేసింది.

ముందు ఫుడ్ పాస్ చూద్దాం. మే 2 నుంచి 20 వరకు ఆరుసార్లు ఉచిత డెలివరీ తీసుకుంది. ఒక్కో డెలివరీకి 35 రూపాయలు అనుకున్నా 210 రూపాయలు మిగిలాయి. అంటే పాస్‌కు కట్టిన 199 అప్పటికే తిరిగి వచ్చేసింది. ఈ పాస్‌కు రీఫండ్ అడిగినా షరతుల ప్రకారం రాదు. ఆమె చేయాల్సింది రెన్యువల్ ఆపడం, జూలై చివరిదాకా అనంతపురంలో పనికొచ్చినంత వాడుకోవడం. ఇక్కడ పాస్ వర్తించే హోటళ్లు తక్కువ ఉండొచ్చు, దూరం పరిమితి వల్ల ఊరి అవతలి చివర ఉన్న హోటల్‌కు ఉచిత డెలివరీ రాకపోవచ్చు. అలా తక్కువైనందుకు డబ్బు తిరిగి ఇవ్వరు, ఎందుకంటే ఊరు మారింది మనం.

ఇప్పుడు షాపింగ్ పాస్. ఇది అనంతపురంలోనూ పనిచేస్తుంది. కాకపోతే బెంగళూరులో మర్నాడే వచ్చే వస్తువు ఇక్కడికి రెండు మూడు రోజుల్లో రావచ్చు. డెలివరీ వేగం పిన్‌కోడ్‌ను బట్టి ఉంటుందని షరతుల్లో రాస్తారు, కాబట్టి దీనికీ రీఫండ్ రాదు. అప్పటికే ఆమె చాలాసార్లు వాడింది కూడా. ఈ సంవత్సరం డబ్బు గురించి ఆలోచించడం అనవసరం.

ఆలోచించాల్సింది వచ్చే మార్చి 10 గురించి. ఆమె రెన్యువల్ ఆపడం మర్చిపోయిందనుకుందాం. మార్చి 9న "రేపు 999 కట్ అవుతుంది" అని మెసేజ్ వచ్చింది, చూడలేదు. 10న డబ్బు కట్ అయింది. 11 సాయంత్రం తమ్ముడు టీవీలో ఆ ఖాతాతో ఒక సినిమా చూశాడు. 12న ఆమె బ్యాంక్ మెసేజ్ చూసి రీఫండ్ అడిగింది. కొత్త విడత డబ్బు కట్ అయ్యాక సదుపాయం వాడినట్టు రికార్డులో ఉంది కాబట్టి మొత్తం రీఫండ్ రాకపోవచ్చు. అదే 10వ తేదీనే, ఎవరూ ఏమీ వాడకముందు రద్దు చేసి ఉంటే, ఇలాంటి షరతులున్న పాస్‌లో 999 మొత్తం వచ్చేది. పాత ఏడాదిలో ఎంత వాడినా దానితో సంబంధం లేదు. లెక్క మొదలయ్యేది చివరిసారి డబ్బు కట్ అయిన తేదీ నుంచే.

ఆటోపే ఎలా ఆపాలి? పాస్ రద్దు చేస్తే అది కూడా ఆగిపోదా?

చాలాసార్లు ఆగిపోతుంది. కానీ నమ్మి వదిలేయకండి, రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. పాస్ ఉండేది కంపెనీ యాప్‌లో. డబ్బు తీసుకునే అనుమతి ఉండేది మీ బ్యాంకులో లేదా యూపీఐ యాప్‌లో. ఒకచోట ఆపి రెండోచోట చూడకపోతే తర్వాత టెన్షన్ తప్పదు.

యూపీఐ అయితే, ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లో మీ ప్రొఫైల్‌లోకి వెళ్లి `Autopay` అన్నచోట నొక్కండి. మీరు అనుమతి ఇచ్చిన కంపెనీలన్నీ అక్కడ వరుసగా కనిపిస్తాయి. మీ పాస్ పేరు మీద నొక్కితే తాత్కాలికంగా ఆపే ఆప్షన్, పూర్తిగా తీసేసే ఆప్షన్ ఉంటాయి. పూర్తిగా తీసేసేది ఎంచుకుని యూపీఐ పిన్ కొట్టాలి. పిన్ అడిగిందని భయపడొద్దు, అనుమతి రద్దు చేసేది మీరేనా అని చూడటానికి అడుగుతుంది. ఆ స్క్రీన్‌లో రాసింది మాత్రం చదవండి. డబ్బు పంపుతున్నట్టు ఉంటే అక్కడే ఆగండి.

అదే స్క్రీన్‌లో గరిష్ఠ మొత్తం ఎంతని ఉందో కూడా చూడండి. మొదటి మూడు నెలలకు ఆఫర్‌లో తక్కువ ధర పెట్టి, అనుమతి మాత్రం పెద్ద మొత్తానికి తీసుకునే పాస్‌లు ఉన్నాయి. రెన్యువల్ సమయంలో పాత ధర వస్తుందని అనుకుంటాం, ఎక్కువ మొత్తం కట్ అవుతుంది.

కార్డు అయితే మీ బ్యాంక్ యాప్‌లో లేదా నెట్ బ్యాంకింగ్‌లో ఈ-మ్యాండేట్ లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అన్న విభాగం చూడండి. రిజర్వ్ బ్యాంక్ నియమాల ప్రకారం ఇలాంటి అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలు బ్యాంకు కల్పించాలి. 15,000 రూపాయల వరకు ఓటీపీ అడగకుండానే డబ్బు కట్ అయ్యే వీలుంది కాబట్టి, ఓటీపీ రాలేదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఆ ధైర్యం స్థానంలో మీకున్నది 24 గంటల ముందు మెసేజ్. డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు కంపెనీ పేరు, మొత్తం, తేదీతో బ్యాంకు మీకు తెలియజేయాలి, ఆ ఒక్క చెల్లింపును లేదా మొత్తం అనుమతిని ఆపుకునే దారి చూపాలి. ఆ మెసేజ్ ఆఫర్ల ఎస్‌ఎంఎస్‌ల మధ్య కలిసిపోతుంది. గడువు తేదీకి మూడు రోజుల ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడం మేలు.

పాస్‌ను ప్లే స్టోర్ ద్వారా కొని ఉంటే ఈ రెండు చోట్లా కనిపించకపోవచ్చు. అప్పుడు ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ కింద ఉన్న సబ్‌స్క్రిప్షన్లలో చూసి అక్కడే రద్దు చేయాలి.

ఆటోపే మాత్రమే ఆపి, పాస్ అలాగే వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు. కట్టిన గడువు వరకు పాస్ నడుస్తుంది, వచ్చే విడత డబ్బు వెళ్లదు. కాకపోతే కంపెనీ లెక్కలో అది చెల్లింపు విఫలమైనట్టుగా కనిపించి, మళ్లీ కట్టమని మెసేజ్‌లు వస్తుంటాయి. ఆ మెసేజ్‌లలోని లింకు నొక్కి తెలియకుండా కొత్త అనుమతి ఇచ్చినవాళ్లు ఉన్నారు. కుదిరితే రెండుచోట్లా ఆపండి.

ఇప్పుడే డబ్బు కట్ అయింది. వెంటనే ఏం చేయాలి?

ముందు ఆ యాప్‌లో ఏ ఆర్డరూ పెట్టకండి. ఇంట్లో వాళ్లకు చెప్పండి. తర్వాత పాస్ పేజీలోకి వెళ్లి, ఇప్పుడే ముగించే ఆప్షన్‌లో రీఫండ్ అంకె చూపిస్తుందేమో చూడండి. చూపిస్తే అదే రోజు పూర్తి చేయండి. కొన్ని పాస్‌లలో కొద్ది పని దినాల గడువు మాత్రమే ఇస్తారు, ఆదివారం అని ఆగకండి.

చూపించకపోతే యాప్‌లోని చాట్‌లో ఇలా రాయండి: "ఈ రోజు నా అనుమతి లేకుండా రెన్యువల్ అయింది అనడం లేదు, నాకు పాస్ అవసరం లేదు, డబ్బు కట్ అయిన తర్వాత ఏ సదుపాయమూ వాడలేదు, మొత్తం వెనక్కి ఇవ్వండి." నిజం చెప్పడమే మంచిది. మోసపూరితంగా కట్ అయిందని బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, అనుమతి మీరే ఇచ్చినట్టు రికార్డు చూపించి దాన్ని మూసేస్తారు. ఆ లోపు మీ గడువు దాటిపోతుంది.

రద్దు చేసేటప్పటికి ఒక ఆర్డర్ దారిలో ఉంది. దానికి డెలివరీ చార్జీ వేస్తారా?

ఆర్డర్ పెట్టినప్పుడు ఉన్న ధరే సాధారణంగా వర్తిస్తుంది. అయినా ఆ ఆర్డర్ చేతికొచ్చాకే రద్దు చేయండి, వాదన పెట్టుకోవాల్సిన అవసరం ఉండదు. ఆ తర్వాత వస్తువు వాపసు చేయాల్సి వచ్చినా, వాపసు హక్కుకూ పాస్‌కూ సంబంధం లేదు.

మిగిలిపోయిన కూపన్లు, కాయిన్లు, క్యాష్‌బ్యాక్ ఏమవుతాయి?

వీటిని రెండు రకాలుగా చూడాలి. పాస్‌తో పాటు వచ్చిన కూపన్లు, నెలకు ఇన్ని ఉచిత డెలివరీలు అనే లెక్క, సభ్యులకు మాత్రమే వచ్చే తగ్గింపులు పాస్‌తోనే పోతాయి. వాటికి డబ్బు రూపంలో విలువ కట్టరు, వచ్చే నెలకు మార్చరు.

మీరు కొన్నందుకు వచ్చిన కాయిన్లు, వాలెట్‌లో పడిన క్యాష్‌బ్యాక్ వేరు. అవి ఖాతాకు చెందినవి, పాస్ పోయినా చాలావరకు ఉంటాయి, కానీ వాటికి సొంత గడువు తేదీ ఉంటుంది. మీరే డబ్బు వేసి నింపుకున్న వాలెట్ బ్యాలెన్స్, గిఫ్ట్ కార్డు డబ్బు పాస్‌తో ముడిపడినవి కావు. రద్దు చేసే ముందురోజు కాయిన్ల పేజీ తెరిచి, గడువు దగ్గరపడినవి వాడేయండి. అయితే జాగ్రత్త, మీరు రీఫండ్ కోసం ఎదురుచూస్తున్న సమయంలో పాస్ తగ్గింపుతో కలిపి వాడితే అది వాడకంగా పడుతుంది. ముందు రీఫండ్, తర్వాత కాయిన్లు.

ఉచిత ట్రయల్ తీసుకున్నాను, డబ్బు కట్టలేదు. దీన్నీ రద్దు చేయాలా?

తప్పకుండా చేయాలి. ట్రయల్ మొదలుపెట్టేటప్పుడే ఆటోపే అనుమతి తీసుకుంటారు, ఒకటి రెండు రూపాయలు కట్ అయి వెనక్కి వచ్చేది దానికే. చాలా పాస్‌లలో ట్రయల్‌లో రెన్యువల్ ఈ రోజే ఆపినా గడువు వరకు వాడుకోవచ్చు, అందుకే మొదటి రోజే ఆపేయడం మంచిది.

ఉచిత ట్రయల్ కోసం చెల్లింపు వివరాలు, ఆటో డెబిట్ అనుమతి తప్పనిసరి చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్‌పై, అంటే కొనేవాళ్లను తప్పుదారి పట్టించే యాప్ డిజైన్లపై, ఇచ్చిన మార్గదర్శకాలు చందా ఉచ్చుగా పేర్కొన్నాయి. రద్దు చేసే ఆప్షన్‌ను దాచిపెట్టడం, రద్దును అనవసరంగా చిక్కుల దారిగా మార్చడం కూడా అందులోనే ఉన్నాయి. మీకు రద్దు బటన్ దొరకకపోతే తప్పు మీది కాదు. ఆ స్క్రీన్లను వీడియోగా రికార్డు చేయండి, ఫిర్యాదులో అదే మీ బలం.

మొబైల్ రీచార్జితో, క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చిన పాస్‌కు రీఫండ్ ఉంటుందా?

ఉండదు. పాస్ కోసం మీరు విడిగా డబ్బు కట్టలేదు. గడువు తర్వాత డబ్బు కట్ అయ్యేలా ఆటోపే ఏమైనా పెట్టారా అన్నది ఒక్కటి చూసుకోండి.

పాస్ నడుస్తుండగానే మా ఊళ్లో సదుపాయం తీసేశారు. అప్పుడు కూడా రీఫండ్ లేదంటే ఎలా?

ఇక్కడ పరిస్థితి పూర్తిగా వేరు. మీ మనసు మారి వద్దనుకోవడం ఒకటి, ఇస్తామన్నది వాళ్లు ఇవ్వకపోవడం ఇంకొకటి. 'డబ్బు తిరిగి ఇవ్వము' అన్న వాక్యం మొదటిదానికి పనికొస్తుంది. రెండోదానికి దాన్నే అడ్డుపెడితే ఒప్పుకోనక్కర్లేదు. లోపమున్న సేవకు డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది.

ఉదాహరణకు, కడప ఎర్రముక్కపల్లె పిన్‌కోడ్‌కు ఉచిత డెలివరీ ఉందని చూపించి పాస్ అమ్మారు, నెల తిరక్కుండానే ఆ ప్రాంతానికి డెలివరీ ఆపేశారు. లేదా 199 రూపాయలు దాటితే ఉచితం అన్నది మధ్యలో 299 చేశారు. ఇలాంటప్పుడు మిగిలిన కాలానికి దామాషాగా డబ్బు అడగడం న్యాయం. సదుపాయాలు ఎప్పుడైనా మార్చవచ్చని కంపెనీ షరతుల్లో రాసి ఉంటుంది, దాన్నే చూపిస్తుంది. అది ఎంతవరకు చెల్లుతుందో వినియోగదారుల కమిషన్ తేల్చాలి, అందుకు మీ దగ్గర రుజువు ఉండాలి. పాస్ కొన్న రోజున సదుపాయాల పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచడం అందుకే అవసరం. తర్వాత ఆ పేజీ మారిపోతుంది, పాతది మీకు దొరకదు.

ఒక హోటల్ మాత్రమే పాస్ జాబితాలోంచి వెళ్లిపోతే ఈ వాదన నిలవడం కష్టం. కర్నూలులో మీకు నచ్చిన బిర్యానీ హోటల్ కోసమే పాస్ తీసుకున్నా, ఫలానా హోటల్ ఉంటుందని కంపెనీ మాట ఇవ్వదు.

రీఫండ్ ఇస్తామన్నారు. ఎన్నాళ్లకు వస్తుంది, ఎక్కడికి వస్తుంది?

మీరు కట్టిన దారిలోనే రావాలి. యూపీఐతో కడితే అదే బ్యాంక్ ఖాతాకు, సాధారణంగా త్వరగా. కార్డుకైతే కొన్ని పని దినాలు పడుతుంది. క్రెడిట్ కార్డు వాళ్లు స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి, కొందరు బ్యాంక్ ఖాతాలో చూసి రాలేదని కంగారుపడతారు.

చాట్‌లో "రీఫండ్ పంపాం" అన్నారంటే లావాదేవీ రిఫరెన్స్ నంబర్ అడిగి తీసుకోండి. ఆ నంబర్‌తో బ్యాంకుకు వెళితే డబ్బు ఎక్కడ ఉందో చెప్పగలుగుతారు. నంబర్ ఇవ్వలేకపోతే ఇంకా పంపలేదని అర్థం చేసుకోవచ్చు. యాప్ వాలెట్‌లో వేస్తామని అడిగితే, ఆ యాప్ ఇక వాడే ఉద్దేశం లేనప్పుడు ఒప్పుకోకండి. బ్యాంకుకే కావాలని రాయండి.

కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికితే ఒక నంబర్ దొరికింది. ఫోన్ చేయొచ్చా?

వద్దు. పాస్ రీఫండ్ కోసం వెతికేవాళ్లను పట్టుకోవడానికే దొంగ నంబర్లు పెడుతున్నారు. వాళ్లు స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేసుకోమంటారు, లేదా రీఫండ్ రావాలంటే పిన్ కొట్టమంటారు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. యాప్ లోపలి సహాయం పేజీ నుంచే మాట్లాడండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చాట్‌లో అడిగితే కుదరదన్నారు. తర్వాత ఎవరిని అడగాలి?

చాట్‌లో మాట్లాడేవాళ్లకు ఉండే అధికారం తక్కువ. యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు ఉంటాయి, వెతికి ఆయనకు మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌తో పని కానివి ఈ మెయిల్‌తో అయ్యే అవకాశం ఎక్కువ.

అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా `consumerhelpline.gov.in`లో నమోదు చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు. రెండు వందలకో వెయ్యికో ఇంత దూరం ఎందుకని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఈ ఫిర్యాదుకు ఖర్చు లేదు, పట్టేది కాసేపు టైమ్ మాత్రమే.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో ఉందని వెనక్కి తగ్గకండి. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే, అంటే కర్నూలులో, అనంతపురంలో, కడపలో ఉన్న కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో `e-jagriti.gov.in` ద్వారా కూడా దాఖలు చేయవచ్చు.

గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ ఎలా రాయాలి?

కోపంగా పొడుగ్గా రాస్తే అసలు విషయం మునిగిపోతుంది. తేదీలు, మొత్తం, ఏం కావాలి, అంతే చాలు. ఇంగ్లిష్‌లో రాయలేకపోతే తెలుగులోనే రాయండి, తేదీలు, నంబర్లు సరిగ్గా ఉంటే సరిపోతుంది. రెన్యువల్ డబ్బు కోసమైతే ఇలా ఉండొచ్చు:

"అయ్యా, నా నమోదిత మొబైల్ నంబర్‌తో ఉన్న ఖాతాలో మార్చి 10న పాస్ రెన్యువల్ కింద 999 రూపాయలు కట్ అయ్యాయి. లావాదేవీ నంబర్ జతచేశాను. ఆ తర్వాత నేను గానీ, నా ఖాతా వాడే ఎవరైనా గానీ ఏ సదుపాయమూ ఉపయోగించలేదు. అదే రోజు రాత్రి రద్దు చేశాను, స్క్రీన్‌షాట్ జతచేశాను. చాట్‌లో రీఫండ్ కుదరదన్నారు, ఆ సంభాషణ కూడా జతచేశాను. వాడకం జరిగిందని మీ రికార్డులో ఉంటే ఏ తేదీన, ఏ సదుపాయం వాడినట్టు ఉందో తెలపండి. లేకపోతే మొత్తం డబ్బు నేను కట్టిన బ్యాంక్ ఖాతాకే పంపి రిఫరెన్స్ నంబర్ ఇవ్వండి."

ఏ తేదీన ఏ సదుపాయమని అడిగే ఆ వాక్యాన్ని మాత్రం తీసేయకండి. కుదరదని ఊరికే చెప్పడం తేలిక, తేదీతో సహా రికార్డు చూపించడం తేలిక కాదు. వాళ్లు చూపిస్తే ఇంట్లో ఎవరు వాడారో మీకు తెలుస్తుంది. చూపించలేకపోతే 1915లో నమోదు చేసేటప్పుడు ఈ మెయిల్‌నే జతచేయండి.